వంకర లేని ముక్కుకు వైద్యం ఎవరు చెయ్యాలి?

"డాక్టరు గారికి నమస్కారములు. మాది జమ్మికుంట. మా వారు పత్తి మార్కెట్టులో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా వున్నారు. ఊళ్ళో రెండెకరాల పత్తి చేను కూడా వుంది. మా అమ్మాయికి 24 ఏళ్ళు. బి.ఎడ్. చదివి ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నది. కొంచెం చామనఛాయకంటే తక్కువ రంగు. గత ఏడాదిలో రెండు సంబంధాలు రంగు తక్కువని పోయాయి. అప్పట్నుంచి అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నది. మెడికల్ షాపు నుంచి ఏదో క్రీము తెచ్చి రాస్తున్నది. ఒక్కోసారి ఏడుస్తుంది. ఇది ఏమైనా మానసిక జబ్బంటారా? దయచేసి సలహా చెప్పగలరు.

మరొక మాట. మా అబ్బాయికి 19 ఏళ్ళు. ముక్కు వంకరగా వుందని, హైదరాబాదు తీసుకువెళ్ళి ఆపరేషను చేయించమని పట్టుబడుతున్నాడు. లక్షన్నర అవుతుందట. చూసేవాళ్ళెవరికీ వంకర కనిపించదు. వయసు పోరడు, అందం మీద మోజు అని మా వారు కొట్టిపారేస్తున్నారు. నా బంగారం కుదువబెట్టి చేయిద్దామా అని ఆలోచిస్తున్నాను."

ఈ ఉత్తరం నాకు ఆరు నెలల క్రితం వచ్చింది. ఆ తల్లి అనుమతితోనే, మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చి ఇక్కడ ఇస్తున్నాను. ఎంచేతనంటే ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు అద్దం ముందు నిలబడుతున్నారు. తల్లి బెంగ అమ్మాయి గురించి. నన్ను కంగారుపెట్టింది మటుకు ఉత్తరం చివర "మరొక మాట" అని రాసిన ఆరు వాక్యాలు. ఈ ఇద్దరికీ వున్న తేడా ఏమిటో తెలిస్తే, మీ ఇంట్లో ఎవరి గురించి నిశ్చింతగా వుండవచ్చో, ఎవరిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలో మీకే తెలుస్తుంది.

నేను అడిగిన నాలుగు ప్రశ్నలు

ఆమెకు వెంటనే జవాబు రాస్తూ, ఇద్దరు పిల్లల గురించీ నాలుగు సంగతులు గమనించి రాయమన్నాను.

ఒకటి: రూపం గురించిన ఆలోచనతో రోజులో ఎంతసేపు పోతున్నది? అంచనాగా కాదు, మూడు రోజులు గడియారం చూసి రాయండి.

రెండు: ఆ ఆలోచన వచ్చినప్పుడు పదేపదే చేసే పనులు ఏమిటి? అద్దం చూడడం, తడుముకోవడం, దాచుకోవడం, ఇతరులతో పోల్చుకోవడం, అడగడం, ఏదైనా సరే.

మూడు: దీని మూలంగా మానేసిన పనులు ఏమైనా వున్నాయా?

నాలుగు: "నీకేం లోపం లేదు" అని చెబితే ఆ మాట ఎంతసేపు నిలుస్తున్నది?

ముఖం ఎట్లా వుంది, ముక్కు ఎంత వంకర అని నేను అడగలేదు. చాలామంది పొరపాటు పడేది అక్కడే. ఇటువంటి సందర్భంలో ముఖాన్ని కొలిస్తే ఏమీ తెలియదు. పోతున్న సమయాన్నీ, ఆగిపోయిన పనులనూ కొలవాలి.

అమ్మాయి సంగతి

అమ్మాయి గురించి తల్లి రాసిన జవాబు ఇది. పొద్దున తయారుకావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. సంబంధం వాళ్ళు వచ్చి వెళ్ళిన రోజూ, ఆ మరునాడూ దిగులుగా వుంటుంది, ఏడుస్తుంది. సోమవారం కాగానే స్కూలుకు పోతుంది. స్కూల్లో పిల్లలతో వున్నంతసేపు రంగు మాటే గుర్తుండదట. మేనమామ కూతురి పెళ్ళికి పోయింది, ఫోటోలు దిగింది. స్నేహితురాలు "నీ కళ్ళు బాగుంటాయే" అంటే నవ్వి ఊరుకుంటుంది.

దీనిలో జబ్బు లేదు. అసంతృప్తి వుంది, దానికి బయట కారణం వుంది. ఎదుటివాళ్ళు ఒక మాట అన్నారు, ఆ మాట తగిలింది. అటువంటి మాట పడితే ఎవరికైనా తగులుతుంది. మామూలు అసంతృప్తికి వున్న లక్షణం ఇదే. కారణం ఎదురుగా వున్నప్పుడు పెరుగుతుంది, పక్కకు పోగానే తగ్గుతుంది. మధ్యలో మనిషి తన పని తాను చేసుకోగలుగుతుంది. ఆ అమ్మాయికి మానసిక వైద్యుడు అక్కరలేదు. మార్చవలసింది వచ్చే సంబంధాల వాళ్ళ నోళ్ళను. అది వైద్యశాస్త్రం చేతుల్లో లేదు. ఇంట్లోవాళ్ళయినా "ఇంకొంచెం తెల్లగ వుంటే" అనే మాట అనకుండా వుంటే చాలు.

ఆ క్రీము విషయంలో మటుకు ఒక హెచ్చరిక చేశాను. తెల్లబరుస్తాయని చెప్పి చేతికి ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడు మందు కలిసి వుంటుంది. మొదటి రెండు మూడు వారాలు ముఖం నునుపుగా, తేటగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు ఇంకా ఎక్కువవుతాయి. అందుకే ఆపలేక రాస్తూనే వుంటారు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే స్టెరాయిడు మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. నెలల తరబడి రాసినవాళ్ళు ఆ ట్యూబు పట్టుకుని చర్మవైద్యుని దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పినట్టు మానుకోవాలి.

అబ్బాయి సంగతి

అబ్బాయి గురించి వచ్చిన జవాబు రెండు పేజీలు. చదువుతున్నకొద్దీ నా అనుమానం గట్టిపడింది.

పొద్దున స్నానాల గదిలో అద్దం ముందు యాభై నిమిషాలు. అద్దానికి జానెడు దూరంలో ముఖం పెట్టి, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి చూసుకుంటాడు. చూపుడు వేలితో ముక్కు దూలాన్ని కుడివైపుకు నొక్కుతూ వుంటాడు. అక్కడ చర్మం కమిలి మచ్చ పడింది. పగలు సెల్‌ఫోనులో తన ముఖం ఫోటో తీసుకోవడం, పెద్దది చేసి చూడడం, తీసివేయడం, మళ్ళీ తీసుకోవడం. రాత్రి పడుకున్నాక కూడా దుప్పటి కింద అదే పని. తల్లి మూడు రోజులు రాసిన లెక్క కలిపితే సగటున రోజుకు నాలుగు గంటలు దాటింది.

అతడు రోజూ రైల్లో వరంగల్ వైపు కాలేజీకి వెళ్ళేవాడు. ముక్కు ఎడమ పక్క ఎవరికీ కనిపించకూడదని ఎప్పుడూ ఎడమవైపు కిటికీ పక్కనే కూచునేవాడట. ఆ సీటు దొరక్కపోతే నిలబడేవాడు, ముఖానికి జేబురుమాలు కట్టుకునేవాడు. క్లాసులో వెనక బెంచీ. తర్వాత రైలు తప్పిపోయిందని చెప్పి వెనక్కి రావడం మొదలైంది. ఉత్తరం రాసేనాటికి రెండు నెలలుగా కాలేజీకి పోవడమే లేదు. మేనమామ కూతురి పెళ్ళికి అక్క పోయింది, తమ్ముడు పోలేదు. కడుపునొప్పి అన్నాడు.

ఇక నాలుగో ప్రశ్నకు జవాబు. తల్లి మాటల్లోనే చెబుతాను: "అమ్మా, జర చూడు, ఎడమ దిక్కు వంగింది గదా అంటడు. ఏం లేదు కొడుకా, మంచిగనే ఉన్నది అంట. సరే అంటడు. పావుగంటకు మళ్ళ వస్తడు. మొన్న ఆదివారం లెక్కపెట్టిన, పదిహేడుసార్లు అడిగిండు."

అంతకు ముందే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించారు. లోపలి గోడ రవ్వంత పక్కకు వుంది, చాలామందికి అట్లాగే వుంటుంది, ఊపిరికి ఏమీ అడ్డం లేదు, బయటికి కనిపించే వంకర లేదు అని ఆయన చెప్పారు. అబ్బాయి ఆ మాటల్లో "రవ్వంత పక్కకు" అన్నదొక్కటే పట్టుకున్నాడు.

ఈ జబ్బు పేరు

దీన్ని ఇంగ్లీషులో బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అంటారు. తెలుగులో చెప్పాలంటే, ఇతరులకు కనిపించని, కనిపించినా లెక్కలోకి రాని లోపం తన శరీరంలో ఘోరంగా వుందని నమ్మి, ఆ ధ్యాసలోనే మనిషి నలిగిపోయే జబ్బు. ఇది సెల్‌ఫోన్లతో పుట్టిన జబ్బు కాదు. ఎన్రికో మోర్సెల్లి అనే ఇటలీ వైద్యుడు 1891లోనే దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఇప్పుడు వాడుకలో వున్న పేరు 1987లో అమెరికా మానసిక వైద్యుల పట్టికలోకి ఎక్కింది. 2013లో అదే పట్టికలో దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డరు పక్కన చేర్చారు. అంటే చేతులు కడిగినా కడిగినా తృప్తిలేక మళ్ళీ మళ్ళీ కడిగే జబ్బుకు ఇది చుట్టం.

ఆ చుట్టరికం అర్థమైతే అబ్బాయి చేస్తున్నదంతా అర్థమవుతుంది. "ముక్కు వంకర" అన్న ఆలోచన వస్తుంది. గుండె దడదడలాడుతుంది. ఒకసారి చూసుకుంటే నెమ్మదిస్తుందని అద్దం దగ్గరికి పోతాడు. ఒక నిమిషం నెమ్మది. తర్వాత "ఆ వెలుగులో సరిగా కనిపించలేదేమో" అన్న అనుమానం. మళ్ళీ అద్దం. అమ్మను అడగడం కూడా అద్దం చూడడం వంటిదే. ఒక్కో జవాబు ఒక నిమిషం ఊరట ఇచ్చి, ఇంకోసారి అడగాలన్న కోరికను బలపరుస్తుంది. గజ్జి గోకినకొద్దీ దురద పెరిగినట్టే.

ఇంకొక సంగతి. మనం ఒక ముఖాన్ని చూసేటప్పుడు మొత్తం ముఖాన్ని ఒక్కటిగా చూస్తాం. ఈ జబ్బు వున్నవాళ్ళ చూపు మొత్తాన్ని వదిలి చిన్న చిన్న భాగాల మీదకు పోతుందని పరిశోధనల్లో తేలింది. మీరూ పరీక్షించి చూడండి. అద్దానికి జానెడు దూరంలో పది నిమిషాలు మీ ముక్కునే చూస్తే మీ ముక్కు కూడా వింతగానే కనిపిస్తుంది. పైగా అడుగు దూరం నుంచి సెల్‌ఫోనుతో తీసిన ఫోటోలో ముక్కు వున్నదానికంటే పెద్దదిగా పడుతుంది. కెమెరాకు ముక్కు దగ్గరగా, చెవులు దూరంగా వుండడంవల్ల అట్లా జరుగుతుంది. ఆ అబ్బాయి రోజుకు పదులసార్లు చూసుకుంటున్నది ఆ ఫోటోనే.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. వివిధ దేశాల్లో లెక్కలు తీస్తే నూటికి ఇద్దరి దాకా కనిపిస్తున్నారు. ఆడవాళ్ళలో, మగవాళ్ళలో దాదాపు సమానం. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ధ్యాస ఎక్కువగా చర్మం, ముక్కు, జుట్టు మీద వుంటుంది. కొందరు కుర్రాళ్ళు కండలున్నా తాము బక్కగా వున్నామని రోజంతా వ్యాయామశాలలోనే గడుపుతారు. కొందరికి అంగం చిన్నదన్న బాధ. సిగ్గువల్ల వీళ్ళు అసలు మాట చెప్పరు. "నిద్ర పట్టడం లేదు", "చదువు ఎక్కడం లేదు" అంటూ వస్తారు. లేకపోతే మానసిక వైద్యుని దగ్గరికి కాక చర్మవైద్యుని దగ్గరికో, ప్లాస్టిక్ సర్జను దగ్గరికో పోతారు.

మీ ఇంట్లో ఎట్లా గుర్తుపట్టాలి?

కింది నాలుగూ కలిసి వుంటే అనుమానించాలి. వీటిలో ఏదో ఒక్కటి వుంటే తొందరపడి జబ్బు అనుకోవద్దు.

మొదటిది, మనిషి చెప్పే లోపం ఇతరులకు కనిపించదు, లేదా కనిపించీ కనిపించనట్టు వుంటుంది. ముఖం మీద బొల్లి, కాలిన మచ్చ, గ్రహణపు మొర్రి వంటివి వుండి బాధపడేవాళ్ళు ఈ కోవలోకి రారు. వాళ్ళ బాధకు కంటికి కనిపించే కారణం వుంది, దానికి చికిత్స వేరు.

రెండోది, ఆ ధ్యాసలో రోజుకు మొత్తం మీద గంట, అంతకంటే ఎక్కువ పోతుంది. పరీక్షకో, పెళ్ళిచూపులకో ముందు ఒక రోజు కాదు, దాదాపు ప్రతి రోజూ.

మూడోది, ఆపుకోలేని పనులు. అద్దం చూడడం, తడుముకోవడం, చర్మం గిల్లుకోవడం, దువ్విన తలే దువ్వడం, టోపీతో, రుమాలుతో, చున్నీతో దాచుకోవడం, కనిపించిన ప్రతివాళ్ళతో పోల్చుకోవడం, పదేపదే అడగడం. కొందరు దీనికి తలకిందులుగా ఇంట్లో అద్దాలన్నీ తీసివేయిస్తారు, ఫోటో అంటే పారిపోతారు. అదీ లక్షణమే.

నాలుగోది, జీవితంలో ఏదో ఒకటి ఆగిపోయింది. కాలేజీయో, ఉద్యోగమో, స్నేహితులో, పెళ్ళిళ్ళకు పోవడమో.

లావయ్యానన్న భయంతో తిండి మానేసేవాళ్ళుంటారు. అది వేరే జబ్బు, దానికీ వైద్యం కావాలి. ఏ జబ్బో తేల్చవలసింది డాక్టరు. మీరు చెయ్యవలసింది గమనించి, గంటలు లెక్కవేసి చెప్పడం.

బంగారం కుదువబెట్టాలా?

ఆ తల్లి అసలు ప్రశ్న ఇది. ఇప్పుడు వద్దు అని రాశాను. డబ్బు పోతుందని మాత్రమే కాదు. ఈ జబ్బు వున్నవాళ్ళకు ఆపరేషనువల్ల మనసులోని బాధ తగ్గడం అరుదు. కొందరికి కొన్ని వారాలు బాగున్నట్టుంటుంది. తర్వాత "ఇప్పుడు కుడివైపుకు వంగింది" అంటారు, లేదా ముక్కు వదిలి దవడ మీదకు, చర్మం మీదకు ధ్యాస మళ్ళుతుంది. మళ్ళీ ఆపరేషను చేయమంటారు. బాగానే వున్న ముక్కును చెడగొట్టుకున్నానన్న కుమిలిపాటు అన్నిటికంటే ప్రమాదం. ముక్కు కొలత మారుతుంది గాని, ముక్కును చూసే చూపు మారదు. ఈ సంగతి తెలిసిన సర్జన్లు ఇటువంటి వాళ్ళను ముందు మానసిక వైద్యునికి చూపించుకోమంటారు. అట్లా చెప్పిన సర్జను మీ మేలు కోరినవాడని తెలుసుకోండి.

ఇంట్లోవాళ్ళు ఏమనాలి?

"నీకేం లేదు" అని పదిహేడుసార్లు చెప్పడంవల్ల ప్రయోజనం లేదు. తండ్రి అన్నట్టు "ఆడపిల్లలాగ అద్దం ముందు యేమిటి" అని ఎగతాళి చేస్తే ఇంకా దాచుకుంటారు. అద్దం పగలగొట్టడం, ఫోను గుంజుకోవడం కూడా పనిచెయ్యవు. ముక్కు వంకరా కాదా అన్న వాదనలో దిగితే మీరు గెలవలేరు. అతడి కళ్ళకు అది నిజంగానే కనిపిస్తున్నది. అతడు అబద్ధం చెప్పడం లేదు.

వాదన ముక్కు గురించి కాకుండా బాధ గురించి మాట్లాడమన్నాను. ఆమె తన మాటల్లో ఇట్లా అన్నదట: "బిడ్డా, నీ ముక్కు సంగతి నేను చెప్పలేను. గని రోజుకు నాలుగు గంటలు దీనితోనే గోసపడుతున్నవు, కాలేజీ పోయింది, నిద్ర పోయింది. అది నాకు కనవడుతున్నది. ఈ గోస తగ్గించే డాక్టరు దగ్గరికి పోదాం. ఆపరేషను మాట ఆ తరువాత."

రెండు రోజులు అలిగాడు. మూడో రోజు "మందు తింటే పిచ్చోడంటరా?" అని అడిగాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే తలుపు తెరుచుకున్నట్టే. మరుసటి వారం తండ్రితో కలిసి వరంగల్‌లో మానసిక వైద్యుని దగ్గరికి వెళ్ళాడు. తల్లి రాసిన మూడు రోజుల లెక్క కాగితం తీసుకువెళ్ళమన్నాను. అది చూడగానే డాక్టరుకు సగం పని తేలికయింది.

చికిత్స ఎట్లా వుంటుంది?

చికిత్స రెండు విధాలు. చాలామందికి రెండూ కలిపి ఇస్తారు.

మొదటిది మాటలతో, సాధనతో చేసే చికిత్స. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. వూరికే ఓదార్చడం కాదు, పద్ధతి ప్రకారం చేయించే అభ్యాసం. వారానికి ఒకసారి చొప్పున సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ అబ్బాయి చేత భయపడే పనులన్నీ కాగితం మీద రాయించి, ఒక్కోదానికి భయం ఎంతో నూటికి మార్కులు వేయించారు. రుమాలు లేకుండా సందు చివర కిరాణా దుకాణానికి పోవడం 30. రైల్లో కుడివైపు కిటికీ పక్కన కూచోవడం 60. క్లాసులో ముందు బెంచీ 80. పెళ్ళిలో ఫోటో దిగడం 95. తక్కువ మార్కులు వున్న పనితో మొదలు. దుకాణానికి పోయి, భయం దానంతటది తగ్గేవరకు అక్కడే వుండాలి. రోజూ అదే పని. వారం పది రోజులకు 30 కాస్తా 10 అవుతుంది. అప్పుడు తర్వాతి పని.

అద్దం పూర్తిగా మాన్పించలేదు. చేయి చాచినంత దూరంలో నిలబడి, ముఖం మొత్తం చూస్తూ, తల దువ్వుకునే ఐదు నిమిషాలే చూడాలన్నారు. వేలితో తడమడం, ఫోటోలు తీసుకోవడం ఆపాలన్నారు. అమ్మ పని కూడా చెప్పారు. అతడు అడిగినప్పుడల్లా ఆమె "ఇది నీ జబ్బు అడుగుతున్న ప్రశ్న, దీనికి జవాబు చెప్పను, నీ దగ్గర కూసుంట" అనాలి. మొదటి వారం ఇద్దరికీ నరకంలా వుందట. మూడో వారానికి పదిహేడుసార్లు నాలుగుసార్లకు దిగింది.

రెండోది మందులు. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి. ఇవి నిద్రమాత్రలు కావు, వీటికి మత్తుమందులవలె అలవాటు పడరు. కాని నిదానంగా పనిచేస్తాయి. ఇతర జబ్బులకంటే దీనికి మోతాదు ఎక్కువ కావలసి రావచ్చు. పూర్తి గుణం తెలియడానికి మూడు నెలల దాకా పడుతుంది. పది రోజులు మింగి గుణం లేదని మానేసేవాళ్ళే ఎక్కువ. మొదట్లో వికారం, తలనొప్పి, నిద్రలో మార్పు రావచ్చు. పాతికేళ్ళ లోపు వాళ్ళలో మొదటి కొన్ని వారాలు కుదురులేకపోవడం, చావు ఆలోచనలు పెరుగుతాయేమో ఇంట్లోవాళ్ళు కనిపెట్టి వుండాలి. అట్లా అయితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. గుణం కనిపించాక కూడా చెప్పకుండా ఆపకూడదు. చాలామందికి ఏడాది, అంతకు పైగా వాడమంటారు.

ఎప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు?

నాలుగు లక్షణాలూ వుంటే నెలలోపు డాక్టరుకు చూపించండి. కాని కొన్నిటికి ఆ వ్యవధి లేదు. "ఈ ముఖంతో బతకడం దండుగ" వంటి మాట, గది తలుపులు వేసుకుని వుండిపోవడం, తిండి మానడం, తన లోపాన్ని తానే కోసి సరిచేసుకోవడానికి ప్రయత్నించడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, ఒంటరిగా వదలకండి. ఈ జబ్బులో ఆత్మహత్య ప్రమాదం చాలా ఎక్కువ. ఇది మోజు కాదని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే. "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని నేరుగా అడగడంవల్ల లేని ఆలోచన పుట్టదు. అడిగితే చాలామంది చెబుతారు. మీ ప్రాంతంలో పత్తి ఇళ్ళకు ఇంకొక జాగ్రత్త. చేనుకు కొట్టే మందు డబ్బాలు ఇంటి వసారాలో వుంచకండి. ఇల్లు దాటించి, తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. ఈ ఇంట్లో ఆ పని తండ్రి చేశాడు.

జమ్మికుంట, హుజూరాబాదు వైపు వాళ్ళకు కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రి, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి దగ్గర. మానసిక వైద్య విభాగం ఎక్కడ అని అడిగి ఓ.పి. చీటీ తీసుకోవాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వుంది. అక్కడికి పోవడమంటే పిచ్చి ముద్ర పడుతుందని భయపడనక్కరలేదు. చూపించుకుని ఇంటికి వచ్చేవాళ్ళే ఎక్కువ. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ వుంది. 14416 నెంబరుకు పగలైనా రాత్రయినా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇప్పుడు ఎట్లా వున్నాడు?

ఐదు నెలలైంది. పోయినవారం తల్లి మళ్ళీ రాసింది. రోజుకు నాలుగు గంటలు పోయేది ఇప్పుడు ముప్పావుగంటకు దిగింది. కాలేజీకి పోతున్నాడు. రైల్లో ఏ సీటు దొరికితే ఆ సీటులో కూచుంటున్నాడు. పరీక్షలు దగ్గరపడితే మళ్ళీ అద్దం దగ్గరికి పోవడం ఎక్కువవుతున్నదట. ముక్కు వంకర లేదని ఇప్పటికీ ఒప్పుకోడు. "ఉంటే ఉండనీ తీయ్" అంటున్నాడట. ఆ మాట చాలు. మందు ఇంకా వాడుతున్నాడు, వాడాలి. జబ్బు మళ్ళీ తిరగబెట్టే అవకాశం వుంది కాబట్టి అద్దం ముందు గంటలు పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పమన్నాను.

అక్కకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థంలో తీసిన కుటుంబం ఫోటోలో తమ్ముడు కూడా వున్నాడని ఆ తల్లి రాసింది. చివరన నిలబడి, కొంచెం తల వంచుకుని, కాని రుమాలు లేకుండా. ఆమె బంగారం ఆమె దగ్గరే వుంది.